ఏడాదికోసారి భార్యాభర్తల ప్లానింగ్: ఆ గళ్ల కాగితానికి పూర్తి మార్కులు, మిగతాదానికి కాదు

ఉద్యోగం, ఇల్లు, డబ్బు, కోరికలు. ఈ నాలుగింటి గురించి ఏడాదికోసారి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ పరిచయం వదిలేస్తున్నా. ఏళ్ల తరబడి వాడుతున్న మనిషిగా చెప్పేది ఒక్కటే. ఇందులో నిజంగా పనిచేసేది మాట్లాడుకోవడం కాదు, మాట్లాడుకునే ముందు ఎవరికి వాళ్లు విడిగా నింపే అయిదేళ్ల గళ్ల కాగితం. అది లేకుండా కూర్చుంటే గట్టిగా మాట్లాడేవాళ్ల ప్లానే ఇద్దరి ప్లాన్ అయిపోతుంది.

కాగితం చాలా మామూలుది. ఏ4 అడ్డంగా తిప్పి అయిదు నిలువు గళ్లు గీయాలి, ఒక్కో గడికి ఒక్కో ఏడాది. జూన్ నుంచి మే దాకా ఒక ఏడాది అనుకుంటే మంచిది. అడ్డంగా నాలుగు వరసలు: ఉద్యోగం, ఇల్లు, డబ్బు, కోరిక. రాసే ప్రతిదానికీ నెల, అంకె ఉండాలి. "త్వరలో ఇల్లు" అని రాస్తే కొట్టేయడమే. "2027 అక్టోబరు, ఫ్లాట్, 75 లక్షలు" అని రాస్తేనే లెక్కలోకి వస్తుంది. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు, పోయినేడాది కాగితం ఇద్దరూ చూడకూడదు.

చాలామంది ఉగాదికో కొత్త సంవత్సరానికో పెట్టుకుంటారు. జూన్ మూడో వారం నయం. అప్పటికి ఇంక్రిమెంటు లెటరు వచ్చి ఉంటుంది, ఫారం 16 చేతికొస్తుంది, పిల్లలుంటే బడి ఫీజుల మొదటి దెబ్బ తగిలి ఉంటుంది. జనవరిలో కూర్చుంటే జీతం ఊహ, ఫీజు ఊహ, పన్ను ఊహ.

గళ్ల కాగితం ఏం చేస్తుందో ఒక లెక్కతో చెబుతా. హైదరాబాదులో ఒక జంట అనుకోండి. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగు, చేతికి 78 వేలు. ఆవిడ ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగం, చేతికి 62 వేలు. అద్దె 18 వేలు, అద్దె కాక ఇంటి ఖర్చు 45 వేలు. ఆయన కాగితంలో బాచుపల్లిలో కడుతున్న 75 లక్షల ఫ్లాటు, ఏడాదిన్నరలో తాళాలు. ఆవిడ కాగితంలో ప్రమోషను, దానికోసం విశాఖ దగ్గర పరవాడ ప్లాంటులో పద్దెనిమిది నెలలు. బిడ్డ గురించి ఇద్దరూ ఒకే గడిలో రాశారు, ఇంటి తాళాలు వచ్చే ఏడాదిలోనే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టగానే గొడవ పరవాడ మీద మొదలవుతుంది. అది సహజం, ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియనిది అదే కదా. కానీ గడి గడికీ డబ్బు వేసి చూడండి. ఫ్లాటు కడుతున్నంతకాలం బ్యాంకు విడుదల చేసిన మొత్తానికి వడ్డీ మాత్రమే కట్టినా, 40 లక్షలు విడుదలైతే 8.5 శాతం లెక్కన నెలకు దాదాపు 28,300. అద్దె 18 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, పరవాడలో రెండో కాపురానికీ ప్రయాణాలకూ 20 వేలు. మొత్తం 1,11,300. ఇద్దరి జీతం 1,40,000. ఇరుకే కానీ గడుస్తుంది, నెలకు 28 వేల పైచిలుకు మిగులుతుంది కూడా.

అసలు చిక్కు ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్న గడిలో ఉంది. 75 లక్షల ఫ్లాటుకు 80 శాతం అప్పు తీసుకుంటే 60 లక్షలు. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 52 వేలు. అదే ఏడాది బిడ్డ. జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలు చట్టప్రకారం వస్తుంది, అంతవరకు బాధ లేదు. ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టాల్సొస్తే ఇంట్లోకి వచ్చేది 78 వేలే. అందులో 52 వేలు బ్యాంకుకు పోతే మిగిలేది 26 వేలు, ఖర్చు 45 వేలు. నెలకు 19 వేలు తక్కువ, ఆరు నెలలకు 1.14 లక్షలు. ఆసుపత్రీ, కొత్త ఇంటి ఉడ్‌వర్కూ ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా ఆ ఫ్లాటు కొనడానికే చేతి డబ్బు ఖాళీ అయి ఉంటుంది. సొంత వాటా 15 లక్షలు, తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున 5.6 లక్షలు, నిర్మాణంలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ 3.75 లక్షలు. రిజిస్ట్రేషనుకు కూడా బ్యాంకు ఇస్తుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పు శాతం లెక్కలో అది రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి.

ఇద్దరూ ఒప్పుకున్న చోట ఎవరూ లెక్క వేయరు. ఈ కాగితం అంటే నాకు ఇష్టం అందుకే.

ఇదే జంట 56 లక్షల్లో ఎవరో ఉండి అమ్ముతున్న ఫ్లాటు చూస్తే అప్పు 45 లక్షల లోపు, ఈఎంఐ 39 వేలు. జీఎస్టీ లేదు. సొంత వాటా, రిజిస్ట్రేషను కలిపి 15.4 లక్షలు. దిగిన నెల నుంచే అద్దె ఆగిపోతుంది. ఒక్క జీతం నెలల్లో లోటు 19 వేలకు బదులు 6 వేలు. పరవాడ ప్రమోషనూ ఉంటుంది, బిడ్డా ఉంటుంది. వదులుకున్నది క్లబ్‌హౌసూ, కొత్త ఇంటి వాసనా. అది చిన్న విషయమేం కాదు, వదులుకునేవాళ్లకు తెలుస్తుంది. కానీ దేన్ని వదులుకుంటున్నారో అంకెతో సహా తెలిసి వదులుకుంటారు.

ఇక ఫిర్యాదు. ఈ పద్ధతి ఎక్కడిదోగానీ, మన ఇళ్లను చూసి తయారు చేసింది మాత్రం కాదు. నాలుగు వరసల్లోనూ "ఇంటివైపు" అన్న వరస లేదు. అమ్మానాన్నలకు పంపేది, తమ్ముడి ఫీజు, మేనకోడలి పెళ్లికి ఇస్తానన్న మాట, ఇవేవీ ఏ గడిలోనూ పడవు. ఎందుకంటే అది "మా వైపు" విషయం, ఎవరిది వాళ్లే చూసుకోవాలని ఇద్దరూ అనుకుంటారు. గళ్ల కాగితం మొదటిసారి ఘోరంగా దెబ్బతినేది ఇక్కడే.

అందులోనూ అన్నిటికంటే ప్రమాదం జామీను సంతకం. బావమరిది 5 లక్షల చిట్టీ వేశాడు, నెలకు 10 వేలు, యాభై నెలలు. పదిహేనో నెలలో పాడుకున్నాడు. పాడుకున్నవాడికి డబ్బివ్వాలంటే కంపెనీకి జామీనుదార్లు కావాలి, జీతం వచ్చే ఉద్యోగి అయితే ఇంకా మంచిది. "ఒక్క సంతకమే బావా, నేను కట్టేస్తా కదా." సంతకం పెట్టినరోజు జేబులోంచి రూపాయి పోలేదు, కాబట్టి అది ఖర్చులాగా అనిపించదు, కాగితంలోకి రాదు. అతను కట్టడం మానేస్తే మిగిలిన ముప్పై అయిదు నెలలకు 3.5 లక్షల దాకా బాధ్యత. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం ఒప్పందంలో వేరే ఏర్పాటు లేకపోతే, జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు అతన్ని అడిగి, అతను ఇవ్వకపోతేనే నన్ను అడగాలి అనడానికి లేదు. వ్యవహారం ముదిరితే జీతం జప్తు దాకా వెళుతుంది. ఆ నెల ఈఎంఐ ఎలా కట్టాలన్నది గళ్ల కాగితానికి తెలియని ప్రశ్న.

దీనికి విరుగుడు మూడో కాగితం, ఒక్కొక్కరికీ ఒకటి. అందులో మూడే గళ్లు: పంపే డబ్బు, ఇచ్చిన మాట, పెట్టిన సంతకం. ఒక్కోదాని పక్కన ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా. ఆ రోజు దానిమీద తీర్పులు చెప్పకూడదు. "మీవాళ్లు ఎప్పుడూ ఇంతే" అన్న మాట ఒక్కసారి వచ్చిందా, వచ్చే ఏడాది ఆ కాగితం శుభ్రంగా, ఖాళీగా వస్తుంది. రెండు వారాలు ఆగి, ఇకముందు ఎంతవరకు చెప్పకుండా ఇవ్వొచ్చు, ఎంత దాటితే ముందు అడగాలి అన్న రెండు హద్దులు పెట్టుకుంటే చాలు. 10 వేల దాకా ఎవరిష్టం వాళ్లది, 50 వేలు దాటితే గానీ సంతకం అయితే గానీ అడిగి చేయాలి అన్నట్టుగా. సంతకానికి అంకెతో పనిలేదు, ఎంత చిన్నదైనా అడగాల్సిందే.

దాచినవి ఉన్నాయని ఎలా తెలుస్తుంది? పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఒకే పేరుకు వెళ్లిన యూపీఐ చెల్లింపులు కూడండి. రెండు వేలు, మూడు వేలుగా పోయినవి ఏడాదికి లెక్కేస్తే పంపినవాళ్లే ఆశ్చర్యపోతారు. ఒక్కో క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది, బ్యాంకు అప్పులకు జామీనుగా ఉంటే అందులో కనిపించాలి. చిట్టీ జామీను మాత్రం మామూలుగా అందులో దొరకదు. దానికి నోరు విప్పి అడగడం తప్ప దారి లేదు.

విడివిడిగా రాయడాన్ని పైన పొగిడాను కదా, దానికీ ఒక షరతు ఉంది. మూడో ఏడు, నాలుగో ఏడు వచ్చేసరికి ఎదుటివాళ్లు ఏం రాస్తారో తెలిసిపోయి, వాళ్లకు నచ్చేదే రాయడం మొదలవుతుంది. రెండు కాగితాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే సంతోషపడకండి. జీతం తక్కువ వచ్చేవాళ్ల ఉద్యోగం వరస ఖాళీగా ఉంటే ఇంకా అనుమానించాలి. అలాంటప్పుడు ఉద్యోగం వరస మాత్రం ముందు తెరిచి, తక్కువ జీతం ఉన్నవాళ్లది మొదట చదవడం కొంత పనిచేస్తుంది. పూర్తిగా అని చెప్పను.

కోరిక వరస గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ధర, నెల రాయకపోతే ఏటా పక్క గడికి జరుగుతూనే ఉంటుంది. "అమ్మానాన్నలతో కాశీ, నవంబరు, 60 వేలు" అని రాసి, ఆ నెల నుంచే నెలకు 12 వేలు విడి ఖాతాలో వేస్తూ పోతే వెళతారు.

ఇదంతా నెలజీతాలు రెండున్న ఇంటి నుంచి చెబుతున్న మాట. వ్యవసాయం, వ్యాపారం ఉన్నవాళ్లకు అయిదు గళ్లు ఎక్కువ, రెండు చాలు. కూర్చోవడం కూడా పంట డబ్బు చేతికొచ్చాకో మార్చి లెక్కలు ముగిశాకో పెట్టుకోవాలి. ఒకరు గల్ఫులోనో అమెరికాలోనో ఉంటే తిరిగొచ్చే ఏడాది ఏ గడిలో ఉందో ముందు తేలాలి, అది తేలకుండా మిగతావి రాయడం వృథా. అత్తమామలతో కలిసి ఉండేవాళ్లు ఇంట్లో కాకుండా బయటెక్కడైనా కూర్చోవడం మంచిది, మూడో కాగితం చదివేటప్పుడు మరీను. ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక రెండు గంటలు పెట్టుకుంటే సరిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే ఇంటివైపు కాగితం దాకా వెళ్లేసరికి ఒకరికి నిద్ర, ఇంకొకరికి కోపం.