వైఫై రూటర్‌కి మినీ యూపీఎస్సా, పవర్ బ్యాంకా?

ముందే చెప్తున్నా, కింది లింక్‌లో యూపీఎస్ కొంటే నాకు కమీషన్ వస్తుంది, మీకు ధర మారదు. అందుకే అది ఎవరికి అక్కర్లేదో కూడా రాస్తున్నా.

కోనసీమలో గాలివాన మొదలైందంటే కరెంటు మీద ఆశ వదులుకోవడమే కదా.

ఖర్చు: యూపీఎస్ వెయ్యి పైమాటే. ఇంట్లో పవర్ బ్యాంక్ ఉంటే, 5 వోల్టులను 12కి పెంచే కేబుల్ చాలు, కొన్ని వందల్లో అయిపోతుంది.

శ్రమ: యూపీఎస్ ఒకసారి పెట్టి మర్చిపోవచ్చు, కరెంటు పోయినా రూటర్ ఆగదు. పవర్ బ్యాంక్ అయితే చీకట్లో తడుముకుంటూ వైరు మార్చాలి, రూటర్ రీస్టార్ట్ అయ్యేలోపు మీ మీటింగ్ గోవిందా.

ఎంతసేపు: 8 వాట్ల రూటర్‌ని 8000 ఎంఏహెచ్ యూపీఎస్ సుమారు మూడు గంటలు, 20000 పవర్ బ్యాంక్ ఆరు గంటలకు పైగా లాగుతాయి.

రిస్క్: అడాప్టర్ మీద 12V 2A అని ఉంటే మామూలు కేబుల్ వద్దు, కరెంటు చాలక రూటర్ మాటిమాటికీ ఆగిపోవచ్చు. కేబుల్ ఆపరేటర్ దగ్గరే కరెంటు లేకపోతే రెండూ దండగే.

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకి యూపీఎస్. తుఫాను రాత్రి వాట్సాప్ కాల్ కలిస్తే చాలనుకునేవాళ్లకి కేబుల్, దానికి నేను లింక్ పెట్టలేదు, ఊళ్లో షాపులో అడగండి.