ఆరుగురినీ ఒకేసారా, విడతల వారీగానా? కొత్త నియామకాల బడ్జెట్‌లో ఏది మేలు?

ఆరు కొత్త ఉద్యోగాలకు అనుమతి వచ్చిందనుకుందాం. ఆరుగురినీ నాలుగో నెల మొదట్లో చేర్చుకోవచ్చు. లేదంటే నాలుగు, ఏడు, పది నెలల్లో ఇద్దరిద్దరు చొప్పున తీసుకోవచ్చు. ఏది చవక అంటే చాలామంది రెండోదే అంటారు. ఈ ఏడాది వరకే చూస్తే అది నిజమే.

కరెన్సీ గొడవ లేకుండా ఒక మనిషి నెల జీతాన్నే కొలతగా పెట్టుకుందాం. జీతం 1 అయితే, సంస్థ తన వాటాగా కట్టే భవిష్య నిధి, బీమా లాంటివి కలిపి నెలకు 1.2 పడుతుందనుకుందాం. వీటికి తోడు ఒక్కసారే అయ్యే ఖర్చులున్నాయి. ఏజెన్సీ ఫీజు ఏడాది జీతంలో 15 శాతమైతే 1.8. ల్యాప్‌టాప్, కుర్చీ, లైసెన్సులకు 1. మొదటి వారాల శిక్షణకు 0.7. మొత్తం మనిషికి 3.5.

చాలామంది పొరపడేది ఈ 3.5 దగ్గరే. మనిషి ఏడాదిలో మూడు నెలలే పనిచేస్తాడు కదా అని ఫీజును కూడా పావు వంతుకు కోసేస్తారు. ఏజెన్సీ మాత్రం పూర్తి ఏడాది జీతం మీదే బిల్లు వేస్తుంది. ల్యాప్‌టాప్ కూడా పావు వంతు రాదు. పుస్తకాల్లో దాని ఖర్చును మూడేళ్లకు పంచి చూపినా, డబ్బు మాత్రం ఒకేసారి పోతుంది. నెలల లెక్కన తగ్గేది జీతం, దానితో వచ్చే వాటాలు మాత్రమే.

| | ఒకేసారి | విడతలుగా |
|---|---|---|
| జీతం, వాటాలు | 64.8 | 43.2 |
| ఒక్కసారి ఖర్చులు | 21 | 21 |
| ఈ ఏడాది మొత్తం | 85.8 | 64.2 |
| వచ్చే ఏడాది | 86.4 | 86.4 |

విడతల పద్ధతిలో ఈ ఏడాది 21.6 మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఆఖరి వరుస చూడండి. ఒక్క మనిషిని కొత్తగా తీసుకోకపోయినా, జీతాలు పెంచకపోయినా, వచ్చే ఏడాది ఖర్చు 64.2 నుంచి 86.4కు ఎగబాకుతుంది. నేనొకసారి ఇలాగే ఈ ఏడాది అంకె ఒక్కటే చూపించి అనుమతి తెచ్చుకున్నాను. మరుసటి ఏడాది మీటింగ్‌లో "ఇంత ఎందుకు పెరిగింది?" అని అడిగితే, కొత్తగా ఏమీ చేయలేదని చెప్పడానికి అరగంట పట్టింది. అదో టెన్షన్.

అలాగని ఒకేసారి తీసుకోవడమే మంచిదనీ అనలేం. ఆరుగురు ఒకే రోజు దిగితే శిక్షణ ఒక్కసారితో అయిపోతుంది నిజమే, కానీ నేర్పే సీనియర్ రెండు నెలలు తన పని పక్కన పెట్టాల్సిందే. ఆ ఖర్చు ఏ పద్దులోనూ కనిపించదు, పని ఆలస్యంలోనే బయటపడుతుంది. పైగా ఉద్యోగానికి ఎలాంటి మనిషి కావాలో మనం తప్పుగా అంచనా వేస్తే, ఆ తప్పు ఆరుసార్లు జరిగిపోతుంది. విడతల్లో అయితే మొదటి ఇద్దర్ని చూసి సరిదిద్దుకోవచ్చు. వాళ్ల పరిచయాల మీద తర్వాతి నలుగురిలో ఇద్దరు దొరికి, ఆ పరిచయానికి మనిషికి 0.5 బహుమతి ఇచ్చినా, ఆ ఇద్దరి ఏజెన్సీ ఫీజు తప్పుతుంది కాబట్టి 2.6 మిగులుతుంది.

రెండింటికీ ఉన్న ఇంకో చిక్కు తేదీలు. అనుమతి వచ్చిన నెల, మనిషి చేరే నెల ఒకటి కావు. ప్రకటన, ఇంటర్వ్యూలు, ఆఫర్, ఆపైన పాత చోట నోటీస్ పీరియడ్. ఈ వరుసకు మూడు నెలలు పట్టే చోట, నాలుగో నెలలో చేరాలంటే మొదటి నెలలోనే వేట మొదలుపెట్టాలి. ఒకేసారి పద్ధతిలో అందరూ ఒక్క నెల ఆలస్యమైతే 7.2 ఖర్చు కాకుండా ఉండిపోతుంది. అది పొదుపు కాదు, జరగని పని. దాన్ని వేరే ఖర్చుకు మళ్లిస్తే వచ్చే ఏడాది పూర్తి జీతాల దగ్గర దొరికిపోతాం.

మధ్యలో ఎవరైనా మానేస్తే? ఏజెన్సీ ఒప్పందాల్లో సాధారణంగా కొన్ని వారాల గడువు ఉంటుంది. ఆలోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెడతారు, డబ్బు వెనక్కివ్వడం మాత్రం తక్కువ. ల్యాప్‌టాప్ మిగులుతుంది, శిక్షణ 0.7 మాత్రం మళ్లీ పెట్టుకోవాలి.

పని ఫలానా తేదీకి ఆరుగురితోనే మొదలవ్వాలని ఒప్పందం ఉంటే ఒకేసారి తీసుకోవడం తప్పదు. అలాంటి ఒత్తిడి లేకపోతే నేను రెండు విడతలే ఎంచుకుంటాను, మూడు కాదు. నాలుగో నెలలో ముగ్గురు, ఏడో నెలలో ముగ్గురు. ఈ ఏడాదికి 75 అవుతుంది, వచ్చే ఏడాది 86.4. పదో నెలలో చేరినవాళ్లు పని అందుకునేసరికి ఏడాది అయిపోతుంది, ఒక్కసారి ఖర్చు 3.5 మాత్రం ఈ ఏడాది ఖాతాలోనే పడుతుంది. అనుమతి కాగితంలో 75 పక్కనే 86.4 కూడా రాసి సంతకం పెట్టించుకుంటాను.