రెండున్నరేళ్లలో 21 ఉచిత వెబినార్లు: పరిచయాలు పెరిగాయా?

తెనాలిలో జీఎస్టీ రిటర్నులు వేసే పని నాది. కొత్త పరిచయాల కోసం రెండున్నరేళ్ల కిందట సొంతంగా ఉచిత వెబినార్లు మొదలుపెట్టాను. ఇప్పటికి 21 అయ్యాయి. చేతి నుంచి పడిన డబ్బు దాదాపు ఏమీ లేదు. పని మాత్రం ఒక్కోదానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. అందులో నేను మాట్లాడేది ఇరవై నిమిషాలే. మిగతా గంటలు ఎక్కడ పెట్టాలో తెలియక మొదటి ఏడాది మొత్తం వృథా చేసుకున్నాను.

మొదటి వెబినార్ పేరు ‘జీఎస్టీపై అవగాహన’. ఒక నెల 17వ తేదీ సాయంత్రం పెట్టాను. నలుగురు వచ్చారు. అందులో ఒకరు మా బావగారు, ఇంకొకరు నా దగ్గర పనిచేసే అబ్బాయి. నెలనెలా రిటర్ను వేసేవారికి 11న అమ్మకాల బిల్లులు చూపించే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ గడువులు. మూడు నెలలకోసారి 3బీ వేసేవారికి మన రెండు రాష్ట్రాల్లో 22. ఈ తేదీలు నోటికి వచ్చినవాణ్ణే, అయినా 17న ఎవరికి తీరిక ఉంటుందని ఆలోచించలేదు. ఇప్పుడు 24 నుంచి 28 లోపే పెడతాను, అదీ దుకాణాలు కట్టేశాక, రాత్రి తొమ్మిదికి. మీ వృత్తి ఏదైనా ముందు వినేవారి నెల ఎలా నడుస్తుందో కాగితం మీద రాసుకోండి, తేదీ దానంతట అదే తేలుతుంది.

తేదీ కంటే పెద్ద తప్పు అంశం. ‘అవగాహన’ అనే మాట ఎవరి ఇబ్బందినీ తాకదు. ఏడో వెబినార్‌కు ‘సరుకు కొన్నారు, డబ్బు కట్టారు, 2బీలో బిల్లు లేదు. ఇప్పుడేం చేయాలి?’ అని పేరు పెట్టాను. 2బీ అంటే అమ్మినవారు చూపించిన బిల్లులు కొన్నవారికి కనబడే నెలవారీ పట్టిక. కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడమే ఇన్‌పుట్ క్రెడిట్. 2022 జనవరి 1 నుంచి అమ్మినవాడు చూపించిన బిల్లు మన 2బీలో కనబడితేనే దాని మీద ఆ క్రెడిట్ తీసుకోవాలి. కనబడకపోతే ఆ పన్ను మన జేబులోంచి పోయినట్టే ఉంటుంది. కాబట్టి ఈ ప్రశ్న ప్రతి దుకాణంలోనూ ఉంది. 61 మంది పేర్లు నమోదు చేసుకున్నారు, 27 మంది వచ్చారు. అప్పటికి అది నాకు పండగే.

ఆహ్వానాల సంగతి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 200 మందిని పెట్టి ఒక్క నొక్కుతో పంపేవాణ్ణి. మన నంబరును ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుందని చాలా ఆలస్యంగా తెలిసింది. పరిచయం లేనివారిని పిలవడానికే ఈ తతంగమంతా, వారికే అది చేరడం లేదు! ఇప్పుడు ముప్పై మందికి విడివిడిగా, పేరు పెట్టి, రెండు వాక్యాల్లో రాస్తాను. ‘పోయిన నెల మీరు అడిగిన విషయం మీదే మాట్లాడుతున్నాను, మీ గుమస్తాను కూడా కూర్చోబెట్టండి’ అన్నట్టుగా. ఆ ముప్పైలో పది మంది తమవారికి పంపితే చాలు. మూడు రోజుల ముందు ఒకసారి, మొదలయ్యే గంట ముందు లింకుతో ఒకసారి గుర్తు చేస్తాను. అంతకు మించితే విసుక్కుంటారు.

యజమానులను పిలవడం కంటే గుమస్తాలను, లెక్కలు రాసేవారిని పిలవడం మేలని టాలీ నేర్పే ఒక మిత్రుణ్ణి అతిథిగా పిలిచినప్పుడు అర్థమైంది. అతని వెంట పాత విద్యార్థులు పద్దెనిమిది మంది వచ్చారు. ఒక్కొక్కరూ మూడు నాలుగు దుకాణాల లెక్కలు చూస్తున్నవారే. నాలాంటివాడికి ఒక యజమాని పరిచయమైతే ఒక దుకాణం, ఒక గుమస్తా పరిచయమైతే నాలుగు.

సాధనాల గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. నమోదుకు గూగుల్ ఫారం, సమావేశానికి జూమ్ ఉచిత ఖాతా. అందులో 100 మంది వరకు, 40 నిమిషాల వరకు వీలుంది. మొదట్లో లెక్క తప్పి ఒకాయన ప్రశ్నకు సగం జవాబులో ఉండగా గడువు అయిపోయింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు మాట, పదిహేను నిమిషాలు ప్రశ్నలు, మిగిలిన అయిదు వీడ్కోళ్లకు. డబ్బు కట్టి తీసుకునే వెబినార్ విధానం ఒకటి ఉంది కానీ అందులో వచ్చినవారు ఒకరికొకరు కనిపించరు. పరిచయాల కోసం పెట్టుకున్నప్పుడు అదేం లాభం? పేరుకు వెబినార్ అంటాను, నడిపేది మామూలు మీటింగే. అందరి మైకులూ మూసి, తెర పంచుకునే వీలు నా ఒక్కడికే ఉంచుకుంటాను.

అసలు పంట అంతా ఆ ఫారంలోని ఒక్క గడిలో ఉంది. పేరు, ఊరు, ఫోను తర్వాత ‘ఈ విషయంలో ఇప్పుడు మీకున్న ఇబ్బంది ఏమిటి?’ అని అడుగుతాను. ఏడో వెబినార్‌కు ట్రాక్టర్ విడిభాగాలు అమ్మే ఒకాయన అందులో ఇలా రాశారు: ‘మే నెల బిల్లులు మూడు కనిపించలేదు, సరఫరాదారు వేశానంటున్నాడు.’ మాట్లాడేటప్పుడు పేరు చెప్పకుండా ఆయన ఉదాహరణనే తీసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆయనకు విడిగా రాశాను: ‘మీ సరఫరాదారు మూడు నెలలకోసారి రిటర్ను వేసేవారేమో అడగండి. అలాంటివారు మొదటి రెండు నెలల బిల్లులను, రిటర్నుకు ముందే బిల్లులు చూపించే ఐఎఫ్‌ఎఫ్ అనే సదుపాయంలో మరుసటి నెల 13లోపు ఎక్కించకపోతే అవి మూడో నెల రిటర్నుతోనే మీ 2బీకి వస్తాయి.’ అడిగి చూస్తే సంగతి అదే. జూన్ బిల్లులతో పాటు ఆ మూడూ వచ్చాయి. ‘వచ్చాయండీ’ అని ఆయనే ఫోను చేశారు.

ఆ రోజు తొమ్మిది మందికి అలా ఎవరి ప్రశ్నకు వారికి జవాబు రాశాను. దానికి రెండు గంటలు పట్టింది. నలుగురితో ఇప్పటికీ మాటలు నడుస్తున్నాయి. అంతకు ముందు వెబినార్లలో ‘వచ్చినందుకు ధన్యవాదాలు, రికార్డింగ్ ఇదిగో’ అని అందరికీ ఒకటే సందేశం పంపేవాణ్ణి. ఒక్కరూ తిరిగి రాయలేదు. రెండు రోజులు దాటాక రాస్తే ‘ఎవరండీ?’ అని అడుగుతారు. రికార్డింగ్ ఇస్తానని ఆహ్వానంలోనే చెప్పినప్పుడు వచ్చేవారు తగ్గారు కూడా, తర్వాత చూద్దాంలే అనుకుంటారు కదా. ఇప్పుడు అడిగినవారికే ఇస్తాను.

ఒక పెద్ద పొరపాటు కూడా ఒప్పుకోవాలి. నమోదైన వారందరినీ అడగకుండా ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాను. మర్నాటికల్లా ఎవరో అప్పుల ప్రకటనలు పెట్టారు, ఇద్దరు మహిళలకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వెళ్లాయి. క్షమాపణ చెప్పి గ్రూపు తీసేశాను. అప్పటి నుంచి ఒకరి నంబరు ఇంకొకరికి ఇవ్వాలంటే ఇద్దరినీ విడివిడిగా అడుగుతాను. కారం మిల్లు యజమానికి ఒక లారీ రవాణాదారును అలాగే కలిపాను. నాకు పైసా రాలేదు కానీ ఇద్దరూ నా ఆహ్వానాలను ముందుకు పంపుతున్నారు.

నెల తిరిగేసరికి ఖాతాదారులు కావాలనుకునేవారికి ఇది సరిపడదు. నాకు వెబినార్ల ద్వారా మొదటి పని అయిదు నెలలకు వచ్చింది. తర్వాత వచ్చినవి మొత్తం పదకొండు. తీరిక లేనివారు ఏడాదికి నాలుగు పెట్టుకున్నా చాలు, కానీ మర్నాటి రెండు గంటలు ముందే ఖాళీ ఉంచుకోవాలి. అవి లేకపోతే వెబినార్ పెట్టవద్దు.

విడిభాగాల దుకాణం ఆయన నాకు ఇప్పటికీ ఖాతాదారు కాదు. ఆయన రిటర్నులు వేసేది ఆయన తోడల్లుడు, ఆ మాట మొదటి రోజే చెప్పారు. ఆ పదకొండులో మూడు మాత్రం ఆయన పంపినవే.