రాత్రిపూట లారీ నంబర్ ప్లేటు చదివించడం: యోలో, పాడిల్ ఓసీఆర్ సీజన్ల తరబడి వాడాక నా అనుభవం

ముందే చెప్పేస్తా, ప్లేటు ఎక్కడుందో వెతికే మోడల్, దాని మీద అక్షరాలు చదివే మోడల్ రెండూ బాగానే పనిచేస్తాయి, పగటిపూట ఎదురుగా వచ్చే లారీ అయితే వంక పెట్టడానికి ఏమీ లేదు. కష్టమంతా రాత్రే, అది కూడా కెమెరా పైనుంచి ఏటవాలుగా చూస్తున్నప్పుడే. అప్పుడు మోడల్ మార్చితే వచ్చే లాభం కొంచెమే, కెమెరా జరిపి షట్టర్ సరిచేస్తే వచ్చే లాభం చాలా ఎక్కువ. ఇది నేను గట్టిగా నమ్ముతా, ఎందుకో లెక్కతో సహా చెప్తా.

మాది మిర్యాలగూడ వైపు ఒక రైస్‌మిల్లు. వానాకాలం కోతలప్పుడూ యాసంగి కోతలప్పుడూ ధాన్యం లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి, గేటు దగ్గర నంబర్ రాసుకుని కాటాకి పంపాలి. ఆ నంబర్ దానంతటదే కంప్యూటర్లోకి ఎక్కాలని పెట్టుకున్న సెటప్ ఇది: ఒక 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరా, మామూలు గ్రాఫిక్స్ కార్డున్న పీసీ, ప్లేటు పట్టడానికి మా గేటు ఫొటోలతో ట్రైన్ చేసుకున్న యోలో, చదవడానికి పాడిల్ ఓసీఆర్. సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు డబ్బులేం కట్టలేదు, ఖర్చంతా కెమెరా, లైటు, పీసీ, స్తంభం మీదే.

మొదట కెమెరా బిగించిన మనిషి దాన్ని గేటు గోడ మీద 5 మీటర్ల ఎత్తులో పెట్టి వెళ్లాడు, అందరూ అలాగే పెడతారు, పైన ఉంటే ఎవరూ ముట్టుకోరు, లారీ తగలదు అని. లారీ ఆగే బ్యారియర్ అక్కడికి 4 మీటర్ల దూరం. లారీ ముందు ప్లేటు నేల నుంచి సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది అనుకుంటే కెమెరాకి ప్లేటుకి మధ్య ఎత్తు తేడా 4.2 మీటర్లు, అంటే కెమెరా కిందికి 46 డిగ్రీల కోణంలో చూస్తోంది. ఆ కోణంలో అక్షరం ఎత్తు నూటికి 69 వంతులే కనిపిస్తుంది. లారీ ప్లేటు అక్షరం రూల్ ప్రకారం 65 మిల్లీమీటర్లు, లెన్స్ ఏమో 2.8 ఎంఎం, బాగా వెడల్పుగా చూసేది. లెక్క వేస్తే ఒక అక్షరానికి చిత్రంలో దక్కే ఎత్తు 11 పిక్సెళ్లు కూడా ఉండదు. 11 పిక్సెళ్లలో 8కీ 3కీ తేడా ఎక్కడుంటుంది చెప్పండి, ఎడమ వైపు ఒకటి రెండు పిక్సెళ్లు నల్లగా ఉన్నాయా లేదా అంతే.

తర్వాత ఆ కెమెరా తీసేసి, విడిగా ఒక స్తంభం వేయించి, 3 మీటర్ల ఎత్తులో, బ్యారియర్‌కి 8 మీటర్ల దూరంలో, 12 ఎంఎం దాకా జూమ్ అయ్యే లెన్స్ ఉన్న కెమెరా పెట్టించాం. కోణం 15 డిగ్రీలకి వచ్చింది, అదే 65 మిల్లీమీటర్ల అక్షరం 45 పిక్సెళ్లు దాటింది. ఇంకా కిందికి, ప్లేటు ఎత్తుకే దించొచ్చు కదా అంటారేమో, అప్పుడు హెడ్‌లైట్లు సూటిగా లెన్స్‌లోకి కొడతాయి, ప్లేటు చుట్టూ తెల్లటి పొగలా పరుచుకుంటుంది. డిమ్ లైటు కిందికి చూస్తుంది కాబట్టి 3 మీటర్ల దగ్గర ఆ బాధ చాలా తగ్గుతుంది. నా లెక్కలో పైకీ పక్కకీ రెండు వైపులా 30 డిగ్రీల లోపు ఉంటే సాఫ్ట్‌వేర్ మిగతాది చూసుకుంటుంది, 45 దాటితే ఏ మోడల్ పెట్టినా కుస్తీయే.

ఇక రాత్రి సంగతి. కెమెరాని ఆటోలో వదిలేస్తే చీకటి పడగానే షట్టర్ 1/25 సెకనుకి దిగుతుంది, స్క్రీన్ మీద చిత్రం వెలుగ్గా చక్కగా కనిపిస్తుంది, అందరూ సంతోషపడతారు. కానీ లారీ గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వస్తున్నా ఆ 1/25 సెకనులో 11 సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. ఇక్కడే ఏటవాలు కోణం రెండో దెబ్బ కొడుతుంది: కెమెరా లారీకి ఎదురుగా ఉంటే లారీ జరగడం చిత్రంలో పెద్దగా తెలీదు, కాస్త పెద్దదవుతుంది అంతే, పైనుంచి 46 డిగ్రీలతో చూస్తే మాత్రం ఆ 11లో 8 సెంటీమీటర్లు చిత్రంలో కిందికి జరిగినట్టే లెక్క. అక్షరం ఎత్తే 6.5 సెంటీమీటర్లు! అక్షరం తన ఎత్తు కంటే ఎక్కువ దూరం సాగిపోయాక దాన్ని చదవమంటే ఎవరు మాత్రం ఏం చదువుతారు. షట్టర్‌ని 1/500కి బిగించి, కెమెరా 15 డిగ్రీలకి దించాక అదే జరగడం ఒకటిన్నర మిల్లీమీటర్లకి వచ్చింది, అక్షరం గీత మందం 10 మిల్లీమీటర్లు కాబట్టి ఇది లెక్కలోకే రాదు. మీ దగ్గర మసక ఎందుకొస్తోందో తెలియాలంటే ఆగిన లారీ ఫ్రేమూ కదిలే లారీ ఫ్రేమూ పక్కపక్కన పెట్టి చూడండి, ఆగినది స్పష్టంగా ఉండి కదిలేది మాత్రమే పైకీ కిందికీ సాగి ఉంటే తప్పు షట్టర్‌దే, రెండూ మసకే అయితే ఫోకస్‌దో కంప్రెషన్‌దో. ఇంకొకటి, కెమెరా మెనూలో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఎక్కువ పెడితే పాత ఫ్రేములు కొత్త ఫ్రేములో కలిసి అక్షరాల వెనక దెయ్యంలా నీడ వస్తుంది, దాన్ని బాగా తగ్గించేయాలి.

షట్టర్ 1/25 నుంచి 1/500 చేస్తే వెలుతురు 20 వంతుల్లో ఒక వంతే మిగులుతుంది, అందుకే కంటికి కనపడని ఐఆర్ లైటు తప్పదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి వచ్చే హై సెక్యూరిటీ ప్లేట్ల మీద వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపే ఫిల్మ్ ఉంటుంది, కాబట్టి ఐఆర్ లైటు కెమెరాకి ఆనుకునే ఉండాలి, దూరంగా వేరే స్తంభం మీద పెడితే ఆ వెలుగంతా ఆ స్తంభం వైపే పోతుంది. సరిగ్గా పెడితే చిత్రమంతా కటిక చీకటి, మధ్యలో ప్లేటు ఒక్కటే మెరుస్తూ ఉంటుంది. మా గేటు కుర్రాడు మొదటిసారి అది చూసి "అన్నా, కెమెరా పాడైంది, లారీ కనబడ్తలేదు" అని ఫోన్ చేశాడు, లారీ మనకెందుకురా, మనకి కావాల్సింది ప్లేటే అని చెప్పా.

దీనివల్ల మోడల్ వైపు ఒక మార్పు చేయాలి. చాలామంది ముందు బండిని పట్టుకుని తర్వాత దాంట్లో ప్లేటు వెతికేలా రెండు మెట్లలో పెడతారు, ఈ చీకటి చిత్రంలో బండే కనపడదు కాబట్టి మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. నేరుగా ప్లేటునే పట్టేలా, రాత్రి ఐఆర్ ఫొటోలు కలిపి ట్రైన్ చేయాలి. దీనికి తోడు ఐఆర్ బలం ఆటోలో ఉంటే దగ్గరికొచ్చేసరికి ప్లేటు మరీ తెల్లగా కాలిపోయి, ఆ తెలుపు నల్లటి గీతల్ని తినేస్తుంది. ప్లేటు ముక్క కత్తిరించి పిక్సెల్ విలువలు చూడండి, తెల్లభాగం అంతా 255 దగ్గరే అతుక్కుపోయి ఉంటే ఐఆర్ తగ్గించాలి.

పాత పెయింటు ప్లేట్ల కథ వేరే. వాటికి ఆ ఫిల్మ్ ఉండదు కాబట్టి అదే సెట్టింగులో అవి చీకట్లో కలిసిపోతాయి, వాటికోసం బ్యారియర్ దగ్గర పక్కనుంచి ఒక తెల్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు వేసుకున్నాం. ఖర్చు తక్కువ, ఫలితం బాగుంది.

ఇప్పుడు చదివించే భాగం. లారీ ప్లేటు 340 బై 200 మిల్లీమీటర్లు, రెండు వరసల్లో ఉంటుంది. అక్షరాలు గుర్తించే మోడల్ ఒక వరసని ఎడమ నుంచి కుడికి చదివేలా తయారైంది, రెండు వరసల ముక్కని అలాగే ఇస్తే కలగాపులగం చేస్తుంది. అందుకని యోలోతో మామూలు పెట్టె కాకుండా ప్లేటు నాలుగు మూలలూ చెప్పే కీపాయింట్ మోడల్ వాడి, ఆ మూలలతో ప్లేటుని చదును చేసి, సగానికి కోసి, రెండు వరసలూ విడివిడిగా చదివిస్తా:

```python
w, h = 320, 188   # 340x200 ప్లేటు నిష్పత్తి
dst = np.float32([[0,0],[w,0],[w,h],[0,h]])
M = cv2.getPerspectiveTransform(corners, dst)
plate = cv2.warpPerspective(frame, M, (w, h))
top, bottom = plate[:h//2], plate[h//2:]
```

`corners` అనేది నాలుగు మూలలున్న `float32` అరే, ఎడమ పైమూల నుంచి గడియారం తిరిగే వరసలో ఉండాలి. పక్కకి వాలిన ప్లేటుకి ఇది చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే వాలుగా ఉన్నదాన్ని అలాగే అడ్డంగా కోస్తే పై వరస అక్షరాల కాళ్లు కింది ముక్కలోకి వస్తాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, చదును చేయడం వల్ల ఆకారం సరవుతుంది తప్ప లేని వివరం పుట్టదు, 11 పిక్సెళ్ల అక్షరాన్ని సాగదీస్తే పెద్ద మసక వస్తుంది అంతే.

ఒకే ఫ్రేము మీద ఆధారపడకూడదు. లారీ ఆగేలోపు వచ్చే ఫ్రేముల్లో ప్లేటుని ట్రాక్ చేస్తూ, ఒకే పొడవున్న చదువుల్ని పక్కపక్కన పెట్టి, ఒక్కో స్థానంలో ఏ అక్షరం ఎక్కువసార్లు వచ్చిందో అది తీసుకోవాలి. ఒక లారీ ఉదాహరణ చెప్తా. చివరి నాలుగంకెలు 8038 అనుకోండి. దూరంగా ఉన్నప్పటి ఫ్రేముల్లో 8038 అనే వచ్చింది, ఒకసారి సున్నా బదులు ఓ అక్షరం వచ్చింది, ఆ స్థానంలో అంకె తప్ప ఉండదు కాబట్టి రూలుతో సరైపోయింది. బాగా దగ్గరికొచ్చాక ఐఆర్ ఎక్కువై 8 ఎడమ గీతలు కరిగి వరసగా 3038 అని వచ్చింది. దగ్గరి ఫ్రేములే ఎక్కువుంటే ఓటింగు తప్పునే గెలిపిస్తుంది, పైగా మోడల్ నమ్మకం స్కోరు కూడా ఎక్కువే చూపిస్తుంది. అందుకే ఓటుకి ఫ్రేములు దూరం నుంచి కొన్ని, మధ్య నుంచి కొన్ని, దగ్గర నుంచి కొన్ని ఇలా పంచి తీసుకుంటా, తెల్లగా కాలిన ముక్కల్ని ఓటుకే రానివ్వను.

రూలుతో సరిచేయడానికీ హద్దుంది. 8, 3 రెండూ అంకెలే, రూలు ఏం చెప్పగలదు. తెలంగాణ కోడ్ 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీ అయింది, పాత బండ్లు టీఎస్‌తోనే తిరుగుతున్నాయి, 2014కి ముందువి ఏపీతో ఉన్నాయి, కాబట్టి రెండో అక్షరం మసకగా ఉంటే ఊహించడం కాదు, ప్లేటు చూడాల్సిందే. ఆరోజు రావాల్సిన లారీల లిస్టుతో పోల్చి ఒక అక్షరం తేడా ఉన్నా సరే అనుకోవచ్చు అంటారు, నేనూ వాడతా, కానీ ఒకే ఓనరు లారీలకి పక్కపక్క నంబర్లు ఉంటాయి, 8038కి 8033 అన్నదమ్ముడు లిస్టులో ఉంటే ఏది వచ్చిందో తేలదు. లిస్టులో దగ్గరి నంబర్ ఒక్కటే ఉన్నప్పుడే దానంతటదే ఎక్కనివ్వాలి, లేదంటే స్క్రీన్ మీద ప్లేటు ఫొటో పెట్టి గేటు మనిషిని అడగాలి. పక్క లారీ పేరు మీద తూకం పడితే రైతు డబ్బుతో చెలగాటం, దీంట్లో నేను అస్సలు రాజీపడను.

ఇప్పటికీ చదవలేనివి ఉన్నాయి. బంపరుకి కట్టిన నిమ్మకాయలు మిరపకాయల దండ సరిగ్గా ప్లేటు మీద వేలాడేవి, వర్షంలో పొలం దారి నుంచి వచ్చి బురద పట్టినవి, గొలుసు అడ్డమొచ్చినవి, ట్రాక్టర్ ట్రాలీ వెనక అసలు ప్లేటే లేనివి. వీటికి మోడల్ ఏదో ఒక నంబర్ చెప్పేస్తుంది, అది ప్రమాదం. మొత్తం సగటు స్కోరు కాకుండా అన్ని అక్షరాల్లో అతి తక్కువ స్కోరు ఎంతుందో చూసి, అది తగ్గితే ఖాళీగా వదిలేసేలా పెట్టుకోండి, ఖాళీ గడి గేటు మనిషి కంటపడుతుంది, తప్పు నంబర్ పడదు.

కొత్తగా పెట్టుకునేవాళ్లకి డబ్బు ఎక్కడ పెట్టాలంటే ముందు స్తంభానికి, తర్వాత జూమ్ లెన్సుకి, తర్వాత ఐఆర్ లైటుకి, గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే చివర.