వారం రోజుల హోటల్ బస: చిన్న జిమ్ మేలా, గది నేల మేలా?

మా పిన్ని కొడుకు కాకినాడలో రెండేళ్లుగా బరువులు ఎత్తుతున్నాడు. వాడి ఒంటి బరువు 75 కేజీలు. పడుకుని ఛాతీ మీంచి బరువు పైకి నెట్టే బెంచ్ ప్రెస్ 60 కేజీలతో ఒక సెట్‌లో ఆగకుండా ఐదుసార్లు, అంటే ఐదు రెప్స్, స్క్వాట్ 80తో ఐదు, ముందుకు వంగి బరువును పొట్టవైపు లాగే బార్‌బెల్ రో 50తో ఎనిమిది చేస్తాడు. ఈ ఏడాది రెండుసార్లు వారం చొప్పున హైదరాబాద్ వచ్చాడు. మొదటిసారి ఆఫీసు ట్రైనింగ్. గచ్చిబౌలి హోటల్లో దింపారు, అక్కడ చిన్న జిమ్ ఉంది. రెండోసారి పెళ్లి పనుల మీద వచ్చి అమీర్‌పేటలో ఓ లాడ్జిలో ఉన్నాడు. అక్కడ మంచం, కుర్చీ, నున్నటి టైల్స్ నేల తప్ప ఏమీ లేవు. నేను కూకట్‌పల్లిలో జిమ్ ట్రైనర్‌ని కాబట్టి రెండు వారాలూ వాడి వ్యాయామం నేనే చూసుకున్నాను. ఒకే మనిషి, ఒకే లెక్కలు. అందుకే ఆ రెండు వారాలనూ పక్కపక్కన పెట్టి చెప్పగలుగుతున్నాను.

హోటల్ జిమ్ చూడగానే వాడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రెండు ట్రెడ్‌మిల్స్, ఒక బెంచీ, డంబెల్స్ 15 కేజీల దాకే ఉన్నాయి. ఈ వారం పోయినట్టేనా?"

పోదు. వారం రోజులు అసలేమీ చేయకపోయినా కండ కరగదు, బలం కూడా రెండు మూడు వారాలు నిలుస్తుంది. అద్దంలో కాస్త చిక్కినట్టు కనిపించేది కండరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండి పదార్థం, దానితో ఉండే నీరు తగ్గడం వల్లే. ఇంటికొచ్చి నాలుగు రోజులు అన్నం తిని బరువులు ఎత్తితే అది తిరిగొస్తుంది. కానీ నెలనెలా ప్రయాణాలుండేవాళ్లకు ఇలాంటి వారాలు ఏడాదిలో చాలా పోగవుతాయి. వాటిని ఖాళీగా వదలకుండా ఉండాలంటే మామూలుగా చేసే సెట్లలో మూడో వంతు చాలు. ఒక్కటే షరతు. ఆ సెట్లు కష్టంగా ఉండాలి, ఇంకో ఒకటి రెండు రెప్స్ మాత్రమే చేయగలం అనిపించేదాకా వెళ్లాలి. మనం కావాలని నెమ్మదించకుండానే రెప్ దానంతటదే నెమ్మదించడం దానికి గుర్తు. మావాడు ఛాతీకి వారంలో 12 సెట్లు చేస్తాడు, నేను నాలుగే చేయించాను.

ఛాతీ సంగతి చూస్తే జిమ్ ఉన్నా లేకపోయినా తేడా లేదు. రెండు చేతుల్లో 15 కేజీల డంబెల్స్ పట్టుకుంటే మొత్తం 30 కేజీలు. మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ, అంటే మావాడికి 48 కేజీల దాకా. పాదాలు మంచం మీద పెట్టి చేస్తే అది ముప్పావు వంతుకు దగ్గరగా, 55 కేజీలకు వస్తుంది. వాడి బెంచ్ ప్రెస్ బరువు 60. ఇక్కడ హోటల్ డంబెల్ కంటే ఒళ్లే బరువైన పరికరం! మూడు సెకన్లు కిందికి దిగి, కింద ఒక సెకను ఆగి చేస్తే పన్నెండో పుషప్‌కి వాడి చేతులు వణికాయి.

కాళ్ల విషయంలో జిమ్‌దే కాస్త పైచేయి. వెనక పాదాన్ని మంచం అంచున పెట్టి ఒంటికాలి మీద దిగే స్క్వాట్‌లో బరువు చాలావరకు ముందు కాలి మీదే పడుతుంది. లాడ్జిలో మావాడు బ్యాక్‌ప్యాక్‌లో లీటరు నీళ్ల సీసాలు ఎనిమిది పెట్టుకుని ఒక్కో కాలికి 14 చేశాడు. గచ్చిబౌలిలో రెండు 15 కేజీల డంబెల్స్ పట్టుకుంటే తొమ్మిదికే ఆగాడు. రెండూ పనికొచ్చేవే, డంబెల్స్‌తో త్వరగా అయిపోతుంది. తొడ వెనక కండరానికి మాత్రం లాడ్జి నేలే బాగా పనిచేసింది. వెల్లకిలా పడుకుని, మడమల కింద చేతి రుమాళ్లు వేసి, నడుము పైకెత్తి కాళ్లను ముందుకు జార్చి మళ్లీ లాక్కోవాలి. ఎనిమిది చేసేసరికి వాడు ఆగిపోయాడు. తివాచీ పరిచిన గదిలో ఇది కుదరదు.

అసలు తేడా వీపు దగ్గర. నెట్టడానికి నేల చాలు, లాగడానికి ఏదో ఒకటి చేతికి దొరకాలి. జిమ్‌లో డంబెల్ ఉంది కాబట్టి ఒంటిచేతి రో చేయించాను. 50 కేజీల బార్‌బెల్ అంటే ఒక్కో చేతికి 25, దానిముందు 15 తేలికే. అందుకే పైన రెండు సెకన్లు ఆపి 20 దాకా చేయించాను. లాడ్జిలో ఏం చేయాలా అని చూస్తే వాడి ట్రాలీ బ్యాగ్ కనిపించింది. బట్టలు, ల్యాప్‌టాప్, చెప్పులు, పెళ్లికి తెచ్చిన వెండి సామాను కలిపి 14 కేజీలు తూగింది. పక్క పిడి పట్టుకుని లాగితే అదే రో, దాదాపు అదే బరువు. హోటల్ జిమ్‌లోని అతి పెద్ద డంబెల్ మన పెట్టె కంటే పెద్దగా బరువైంది కాదని ఆ రోజే నాకు తట్టింది.

కొందరు తలుపు పిడికి తువ్వాలు చుట్టి వెనక్కి వాలి లాగుతారు. ఇక్కడ జాగ్రత్త. హోటల్ గది తలుపు సాధారణంగా లోపలికి తెరుచుకుంటుంది. లోపల నిలబడి లాగితే మొత్తం బరువు గడియ మీదే పడుతుంది, అది ఊడితే వెల్లకిలా పడతారు. మనం లాగితే చట్రానికి ఇంకా గట్టిగా ఆనుకునే తలుపైతేనే చేయాలి. బాత్రూం తలుపు లోపలివైపు తెరుచుకుంటే గదిలో నిలబడి లాగొచ్చు, పిడి గట్టిదై ఉండాలి. నాకైతే సాగే రబ్బరు పట్టీ, అదే రెసిస్టెన్స్ బ్యాండ్, మేలనిపిస్తుంది. బట్టల మధ్య మడిచి పెడితే బ్యాగులో చోటు కూడా తీసుకోదు.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. బరువులు లేవు కదా అని మొదటి రోజే రెండు వందల స్క్వాట్స్, వంద లంజెస్ చేసేస్తారు. అలవాటు లేని కదలిక ఒక్కసారిగా అంత చేస్తే మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగలేరు, తిరిగొచ్చాక అసలు స్క్వాట్ పాడవుతుంది. అందుకే మావాడికి కొత్త కదలికలు మొదటి రోజు రెండు సెట్లే ఇచ్చాను, మూడో రోజు మూడు.

ఇక ఏది మేలంటే, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు జిమ్ ఉన్న హోటలే. వాళ్ల మామూలు బరువులు 10, 15 కేజీలే కాబట్టి అదే వ్యాయామం ఆగకుండా సాగుతుంది. మావాడిలాంటి మధ్యరకం వాళ్లు జిమ్ కోసం ఎక్కువ అద్దె ఇవ్వక్కర్లేదు, గది చాలు. వంద కేజీలు దాటి ఎత్తేవాళ్లకు రెండూ చాలవు. తేలిక బరువుతో కండ నిలుస్తుంది కానీ భారీ బరువు కింద నిలబడే అలవాటు సడలుతుంది. వాళ్లు వారం మధ్యలో ఒక్కరోజు బార్‌బెల్ ఉన్న జిమ్ చూసుకోవాలి. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వైపు జిమ్‌లు చాలానే ఉన్నాయి. ఒక్కరోజుకి రానిస్తారా, స్క్వాట్ ర్యాక్ ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ రోజు స్క్వాట్, బెంచ్ చెరో మూడు సెట్లు, మిగతా రెండు వ్యాయామం రోజులు గదిలో.

రెండో ప్రయాణం ముగించి కాకినాడ వెళ్లిన మర్నాడు వాడు 60 కేజీల బెంచ్ ఐదుకి బదులు నాలుగే చేశాడు. పెళ్లి నిద్రలేమి, రాత్రంతా రైలు, ఒక రెప్ తగ్గడం మామూలే. బరువు దించొద్దు, సెట్లు సగం చెయ్యి అన్నాను. మూడు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యా, ఐదు వచ్చాయి, ఆరోది కూడా సగం దాకా లేచింది."