నిద్రగోలీయా, నిద్ర పట్టే ఏర్పాటా? ఆసుపత్రిలో ఉన్న పెద్దవాళ్లకు ఏది మేలు?

రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి వార్డులో ఎవరో ఒకరు నర్సుల టేబుల్ దగ్గరికి వస్తారు. "సిస్టర్, మా అమ్మ నిన్న రాత్రంతా పండుకోలేదు, ఒక నిద్రగోలీ ఇయ్యండి." పద్నాలుగేళ్లుగా హైదరాబాద్ ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేస్తున్నాను, ఈ మాట వినని రాత్రి దాదాపు లేదు. అడిగేవాళ్లది తప్పు కాదు. వాళ్లూ రెండు రాత్రులుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటారు, మంచం మీద మనిషి కదులుతుంటే చూడలేక అడుగుతారు. చాలాచోట్ల అడగాల్సిన పని కూడా ఉండదు, అడ్మిషన్ రోజే కేస్ షీట్‌లో మిగతా మందుల కింద అల్ప్రజోలమ్ అనో, క్లోనజెపామ్ అనో రాసి పక్కన 0-0-1 అని పెట్టేస్తారు. అంటే ఆ మనిషికి నిద్ర పట్టినా పట్టకపోయినా రోజూ రాత్రి ఒకటి.

వయసులో ఉన్నవాళ్లకు ఒకటి రెండు రాత్రులు ఇది పెద్దగా ఏమీ చేయకపోవచ్చు. డెబ్బై దాటినవాళ్ల సంగతి వేరు. అందుకే ఇక్కడ రెండు దారులు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను: రోజూ పడుకునే ముందు గోలీ ఇవ్వడం ఒకటి, గోలీ లేకుండా నిద్ర పట్టే వీలు కల్పించడం రెండోది.

ముందు ఒక పెద్దావిడ గురించి చెప్తాను. ఉప్పల్ వైపు నుంచి వచ్చారు, 79 ఏళ్లు. కాలికి ఇన్ఫెక్షన్ వచ్చి మోకాలి కింద ఎర్రగా వాచింది. ఇంట్లో తన వంట తనే చేసుకునేవారు, చేతికర్రతో గుడికి వెళ్లొచ్చేవారు, మనవరాలి ఫీజు ఎప్పుడు కట్టాలో కూడా గుర్తుండేది. మొదటి రాత్రి ఎమర్జెన్సీలో లైట్ల కింద నిద్ర లేదు. రెండో రాత్రి వార్డులో పది గంటలకు అల్ప్రజోలమ్ 0.5 ఇచ్చారు, బాగా పడుకున్నారు. పొద్దున తొమ్మిదైనా లేవలేదు. "రెండు రోజుల నిద్ర బాకీ తీర్చుకుంటోంది, పండుకోనియ్యండి" అన్నాడు కొడుకు. టిఫిన్ తినలేదు, మధ్యాహ్నం రెండు ముద్దలు, నీళ్లు అయితే గ్లాసుడు కూడా కాలేదు. సాయంత్రం ఏడింటికి కళ్లు తెరిచి "బర్రెలు ఇంకా ఇంటికి రాలేదేంది" అని అడిగారు. వాళ్లు బర్రెలు అమ్మేసి ముప్పై ఏళ్లు. తొమ్మిదింటికి చేతికున్న సెలైన్ సూది పీకేసుకున్నారు.

అక్కడ జరిగిన పొరపాటు చాలా వార్డుల్లో జరిగేదే. అది నిద్ర లేక చేస్తున్న గొడవ అనుకుని పదింటికి రోజువారీ గోలీ ఇచ్చాం, పన్నెండున్నరకు ఇంకా కదులుతున్నారని డ్యూటీ డాక్టర్‌ని అడిగి మరొకటి ఇచ్చాం. రెండోది నా చేత్తోనే ఇచ్చాను. మూడింటికి మంచం రెయిలింగ్ మీద నుంచి ఒక కాలు బయటపెట్టి దిగబోతుంటే పట్టుకున్నాను. ఒక్క నిమిషం ఆలస్యమైతే తుంటి విరిగేది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒంట్లోకి వెళ్లిన మందు సగానికి తగ్గడానికి అల్ప్రజోలమ్‌కు మామూలు వాళ్లలో దాదాపు 11 గంటలు పడితే, వయసు పైబడినవాళ్లలో దాదాపు 16 గంటలు పడుతుంది, ఎందుకంటే దాన్ని కరిగించే కాలేయం పని నెమ్మదిస్తుంది. అంటే రాత్రి పదింటి గోలీ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కూడా సగం ఉంది, మళ్లీ రాత్రి పదింటికి మూడో వంతు ఉంది. ఆ మిగులు మీద ఇంకో రెండు పడ్డాయి. ఒక్కోటి 0.5 మిల్లీగ్రాములే కదా అని మేం అనుకుంటుంటే, ఆ రాత్రి ఆ బక్కప్రాణం ఒంట్లో ఉన్నది ఒక మిల్లీగ్రాము పైమాటే. డయజెపామ్ అయితే ఇంకా కష్టం. అది పెద్దవాళ్లలో రోజుల తరబడి ఉండిపోతుంది, మూడో రాత్రి గోలీ వేసేసరికి ఒంట్లో రెండు గోలీలకు పైనే పోగవుతుంది.

పోగవడం ఒక్కటే సమస్య కాదు. ఈ మందులు మెదడులో కణాల మధ్య సందేశాలను అణిచేస్తాయి. బయటికి అది నిద్రలాగే కనిపిస్తుంది కానీ మనిషికి తేటనిచ్చే గాఢనిద్ర ఆ మత్తులో తగ్గిపోతుంది. జ్వరం, నొప్పి, కొత్త చోటు, నీళ్లు తాగకపోవడం, వీటన్నిటితో అప్పటికే అంచున నిలబడి ఉన్న ముసలి మెదడుకు ఆ అణచివేత ఒక తోపు అవుతుంది. అలా వచ్చేదే డెలిరియం, అంటే ఉన్నట్టుండి మతి తికమకపడటం. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. డెలిరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, ఒకే రోజులో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పొద్దున బాగానే మాట్లాడిన మనిషి చీకటి పడేసరికి మారిపోతాడు. ఆ పెద్దావిడకు గోలీ ఒక్కటే కారణమని నేను అనను, ఇన్ఫెక్షన్ ఉంది, నాలుగు రోజులుగా విరేచనం లేదు. కానీ ఆ జాబితాలో మనం చేత్తో తీసేయగలిగింది, మనమే తెచ్చిపెట్టింది గోలీ.

ఇక రెండో దారి. ఇది కేవలం "గోలీ ఇవ్వకండి" అనడం కాదు, అలా అంటే మనిషి తెల్లవార్లూ మేలుకునే ఉంటాడు, నిద్ర లేకపోవడం కూడా డెలిరియంకు దారి తీస్తుంది. చేయాల్సిన పని ఉంది. మర్నాడు పొద్దున పెద్ద డాక్టర్ రౌండ్‌లో కేస్ షీట్‌లోంచి గోలీ కొట్టేశారు (రెండు రాత్రులే వాడారు కాబట్టి ఒక్కసారి ఆపినా ఇబ్బంది లేదు), మాతో వరుసగా కొన్ని చేయించారు. యాంటీబయాటిక్ ఎనిమిది గంటలకోసారి, అది రాత్రి పది, పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు గంటలకు పడేటట్టే ఉంది కాబట్టి మార్చలేదు. కానీ రాత్రి రెండు గంటలకు బీపీ, టెంపరేచర్ చూడటం ఆపించారు, మనిషి నిలకడగా ఉంటే ఆ చెక్ కోసం నిద్ర లేపడంలో అర్థం లేదు. రాత్రంతా ఎక్కే సెలైన్‌ను పగటికి మార్చారు, దాంతో గంటగంటకీ బాత్రూమ్ అవసరం తగ్గింది. విరేచనానికి మందు. కాలి నొప్పికి పడుకునే గంట ముందు పారాసిటమాల్, నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఎవరూ అడగని నొప్పే. కొడుకు సంచిలో భద్రంగా దాచిన కళ్లజోడు తీయించి పెట్టించారు. మంచం కిటికీ పక్కకు జరిపి, పగలు రెండు పూటలా కుర్చీలో కూర్చోబెట్టించారు, పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? రాత్రి తొమ్మిదింటికి గోరువెచ్చని పాలు, కోడలు కాసేపు వీపు నిమరడం, తలమీది ట్యూబ్‌లైట్ ఆర్పడం, పక్క బెడ్ వాళ్ల ఫోన్ స్పీకర్ ఆపించడం. మొదటి రాత్రి ముక్కలు ముక్కలుగా మూడు గంటలు పడుకున్నారేమో. నాలుగో రోజుకు మాట తేటపడింది.

పాలు, వీపు నిమరడం అంటే బామ్మ చిట్కాల్లా అనిపిస్తాయి. కానీ ఇది 1990ల్లోనే అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఆసుపత్రిలో పెట్టి పరీక్షించిన పద్ధతి. వేడి పానీయం, నెమ్మదైన సంగీతం, వీపు మర్దన, ఈ మూడే. దానివల్ల ఆ వార్డులో నిద్రమందు వాడకం 54 శాతం నుంచి 31 శాతానికి తగ్గింది. తర్వాత 1999లో షారన్ ఇనోయే బృందం 70 దాటిన 852 మందిని చూసింది. నిద్రతో పాటు నడిపించడం, నీళ్లు, చూపు, వినికిడి, మాటామంతీ కలిపి చూసుకున్నవాళ్లలో డెలిరియం 9.9 శాతం, మామూలుగా చూసినవాళ్లలో 15 శాతం. పూర్తిగా పోలేదు, కానీ మందు లేకుండా అంత తగ్గింది. అమెరికా వృద్ధుల వైద్యుల సంఘం వాళ్ల బీర్స్ జాబితా అయితే 65 దాటినవాళ్లకు ఈ నిద్రమందులు వద్దనే చెప్తోంది, 2023 సవరణలోనూ అదే మాట.

రెండో దారికి ఉన్న లోపం కూడా చెప్పాలి. దీనికి మనుషులు కావాలి. ముప్పై మందికి ఇద్దరు నర్సులున్న రాత్రి వీపు ఎవరు నిమురుతారు? గోలీ ఇవ్వడం నిమిషం పని, ఇది గంట పని. కానీ మన దగ్గర ఒక వెసులుబాటు ఉంది, ప్రతి మంచం పక్కనా ఇంటి మనిషి ఉంటారు. ఏం చేయాలో వాళ్లకు సాయంత్రమే చెప్తే సగం పని వాళ్లే చేస్తారు.

"పోనీ, చిన్నది, అలర్జీ గోలీ ఇవ్వండి" అనేవాళ్లున్నారు. ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ లాంటి మత్తునిచ్చే అలర్జీ మందులు పెద్దవాళ్లకు ఏమాత్రం చిన్నవి కావు. జ్ఞాపకానికీ ఏకాగ్రతకూ కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ పనిని ఇవి అడ్డుకుంటాయి, మూత్రం ఆగిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ఆ రెండూ మళ్లీ డెలిరియంకే దారి తీస్తాయి. జోల్పిడెమ్ అనే నిద్రగోలీ తొందరగా దిగిపోతుంది నిజమే, కానీ రాత్రి బాత్రూమ్‌కు లేచేసరికి ఆ మత్తు ఇంకా ఉంటుంది, తూలి పడేది అప్పుడే, బీర్స్ జాబితాలో అదీ ఉంది. నిద్ర హార్మోన్ మెలటోనిన్ గోలీ వీటన్నిటికంటే సౌమ్యమైనది, కొందరు డాక్టర్లు రాస్తారు, కానీ డెలిరియంను ఆపుతుందా అంటే ఫలితాలు ఒకలా లేవు.

ఒక్క విషయంలో మాత్రం గోలీ వైపే నిలబడతాను. ఇంట్లో ఏళ్లుగా రోజూ నిద్రగోలీ వేసుకునే మనిషికి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, డెలిరియం కూడా రావచ్చు. రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానేసినప్పుడు వచ్చే డెలిరియంకైతే ఈ రకం మందే చికిత్స. అందుకే అడ్మిషన్ రోజే సిగ్గుపడకుండా రెండూ డాక్టర్‌కు చెప్పండి, తగ్గించాల్సి వస్తే వాళ్లే మెల్లగా తగ్గిస్తారు.

డెలిరియం మొదలవుతోందో లేదో ఇంటివాళ్లే ముందు పట్టగలరు, వాళ్లకే ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో తెలుసు. వారాలు వెనక్కి చెప్పమనండి, శనివారం, శుక్రవారం, గురువారం అని. నిన్న చెప్పగలిగి ఇవాళ మధ్యలో జారిపోతుంటే, మాట మధ్యలో కళ్లు మూతపడుతుంటే, నర్సుకు "అమ్మ నిన్నటిలా లేదు" అని ఆ మాటే చెప్పండి. గొడవ చేసేవాళ్లను అందరూ చూస్తారు. నిశ్శబ్దంగా, మగతగా, పిలిస్తే కాసేపటికి పలికేవాళ్లు తప్పిపోతారు, "హాయిగా పండుకుంది" అని అందరం సంతోషిస్తాం. ఆ పెద్దావిడకు మొదటి గోలీ మర్నాటి పగలు జరిగింది అదే.

ఆమె డిశ్చార్జ్ రోజు కాగితం నేనే చూశాను. కంప్యూటర్‌లో పాత మందుల జాబితా అలాగే దిగింది, అందులో కింది వరుసలో అల్ప్రజోలమ్ 0.5, 0-0-1, పదిహేను రోజులకు. డాక్టర్‌ని పిలిచి కొట్టేయించి, కొత్త కాగితం తీయించి కొడుకు చేతిలో పెట్టాను.