నాలుగు ఎండాకాలాలు వాడాక: ఉన్ని రగ్గులకు గాలి తీసే సంచి

పంపుతోనో వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టంతోనో గాలి లాగేస్తే రగ్గు అప్పచ్చిలా అణిగిపోయే జిప్పు సంచుల సంగతి ఇది. అందరూ చూసినవే కాబట్టి సైజులు, రేట్లు చెప్పను. వీటి మీద నా కోపమల్లా అట్ట మీద రాసే ఒక్క మాట మీదే. 'తేమ లోపలికి పోదు' అంటారు. నిజమే, పోదు. లోపలున్నది బయటికి రాదన్న సంగతి మాత్రం ఎక్కడా రాయరు.

నెల్లూరులో ఉన్ని బట్టల పని ఏడాదిలో నెలన్నర. ధనుర్మాసం చలికి, తిరుమల కొండ మీద రాత్రులకు తప్ప అవసరం పడదు. మిగతా పదిన్నర నెలలూ అవి బీరువాలోనే ఉంటాయి. అందుకే ఇక్కడ వాటిని కప్పుకోవడం కంటే దాచడమే పెద్ద పని. మొదటి రెండేళ్లు ఈ సంచులను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తెగ మెచ్చి చెప్పాను. రెండుసార్లూ మే నెలలో కట్టి డిసెంబరులో విప్పితే నిన్న పెట్టినట్టే ఉన్నాయి. ఆ గొప్ప సంచిది కాదనీ, మే నెలదనీ మూడో ఏడాది తెలిసింది.

ఆ ఏడు చోటు చాలక ఫిబ్రవరిలోనే కట్టేశాను. రగ్గు ఉతికింది, నీడలో మూడు రోజులు ఆరింది, చేతికి పొడిగానే తగిలింది. డిసెంబరులో సంచి జిప్పు తీయగానే మూసిన గదిలో తడి గోనెసంచి పెట్టినట్టు వాసన. మడతలు విప్పుతూ పోతే, బీరువా వెనక గోడకు ఆనుకున్న వైపు మాత్రమే అరచేయంత మచ్చ కనిపించింది. బూడిద రంగులో, వేలితో రుద్దితే పొడిలా రాలే బూజు. ఆ వైపు ప్లాస్టిక్ లోపలి ముఖం మీద ఆవగింజలంత నీటి చుక్కలు. సంచికి చిల్లి లేదు, గాలి కూడా ఎక్కలేదు, రగ్గు ఇంకా బిగిసే ఉంది. అంటే ఆ నీళ్లు బయటి నుంచి వచ్చినవి కావు, నేను లోపల పెట్టి మూసినవే.

ఉన్నికి ఒక మాయ ఉంది. తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని ఆవిరి రూపంలో పోచ లోపలికి తీసుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు. నూలు చీర అయితే కాస్త తేమ ఉన్నా చల్లగా తగిలి చెప్పేస్తుంది. ఉన్ని చెప్పదు. అందుకే చేత్తో చూసి 'ఆరింది' అనుకోవడం దండగ, తూచి చూడాలి. సామాన్ల బరువు చూసుకునే కొక్కెం త్రాసు, పది గ్రాముల దాకా చూపించేది, ఒకటి చాలు. నాలుగో ఏడాది అదే రగ్గును పాత పంచెలో మూటకట్టి ఫిబ్రవరిలో తూచాను. మూట బరువు తీసేస్తే 2 కిలోల 360 గ్రాములు. మే నెలలో పడమటి గాలి కొట్టే రోజున, మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె మీద నుంచి తీసి తూస్తే 2 కిలోల 180. తేడా 180 గ్రాములు, అంటే దాదాపు ఒక గ్లాసు నీళ్లు. పొడిగా తగిలిన రగ్గులో ఫిబ్రవరిలో ఉన్న అదనపు నీళ్లు అవి.

మూసిన సంచిలో ఆ గ్లాసుడు నీళ్లూ ఊరికే ఉండవు. లోపల మిగిలిన కొంచెం గాలిని ఎప్పుడూ చిత్తడిగానే ఉంచుతాయి. గాలిలో తేమ 70, 75 శాతం దాటితే బూజుకు అంతకంటే ఏం కావాలి? దానికి తోడు అక్టోబరు నుంచి మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. బయటి గోడ నాని, రాత్రిపూట చల్లబడుతుంది. లోపలి ఆవిరి ఆ చల్లటి వైపుకు చేరి చుక్కకడుతుంది. మచ్చ గోడవైపే పడటానికి కారణం అదే. చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం వేస్తే సరిపోదా అంటారు. అది బాగా పీల్చినా తన బరువులో మూడో వంతు లోపే. 5 గ్రాముల పొట్లం గ్రామున్నర నీళ్లు తాగుతుంది, ఇక్కడున్నవి 180. అరకిలో పైన పోస్తే తప్ప లెక్క తేలదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. చలి పోగానే ఉతికి, ఆరాక గాలి ఆడే పాత దుప్పట్లో మూటకట్టి పెడతాను, సంచి జోలికి పోను. మేలో పడమటి గాలి పొడిగా వీచే రోజు చూసుకుని, పది గంటలకు మిద్దె మీద తాళ్లపై వేసి, మీద పల్చటి నూలు గుడ్డ కప్పుతాను. నేరుగా ఎండ తగిలితే తెల్ల ఉన్ని పసుపు తిరుగుతుంది, పోచ పెళుసవుతుంది. గంటకోసారి తూచి, రెండు తూకాలూ ఒకటే వచ్చాక దించుతాను. సముద్రపు గాలి తిరగక ముందే సంచిలో పెట్టి జిప్పు వేయాలి. గాలి తిరిగాక గంటసేపు బయట వదిలితే మళ్లీ తాగేస్తుంది. వేడిగా పెడితే లోపల చెమట పడుతుందని కొందరి భయం. చెమట పట్టాలంటే నీళ్లుండాలి కదా, తూకం దిగినదానికి ఆ భయం లేదు. మైపాడు వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లకు ఇంత పొడి రోజు అరుదుగా దొరుకుతుంది, సముద్రానికి దూరంగా ఉదయగిరి వైపు ఉండేవాళ్లకు ఇంత హైరానా అక్కర్లేదు.

బూజు పట్టిన రగ్గు పాడైపోలేదు. వాన తెరిపిచ్చే దాకా వరండాలో విప్పి పరిచి ఉంచాను. సంక్రాంతి ఎండల్లో ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తటి బ్రష్షుతో బూజు దులిపి ఉతికాను. ఆఖరి జాడింపు బకెట్టులో అర గ్లాసు తెల్ల వెనిగర్ పోశాను. వాసన పోయింది. మచ్చ ఆనవాలు మాత్రం ఇంకా లేతగా ఉంది.

ఉతకడం గురించి ఎక్కువ చెప్పను గానీ, ఒక పొరపాటు మన ఊళ్లలోనే జరుగుతుంది. 'చన్నీళ్లతోనే ఉతికాను, అయినా స్వెట్టర్ ముడుచుకుపోయింది' అంటారు. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు చన్నీళ్లెట్లా అవుతాయి? చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఉన్ని పోచ మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి నీళ్లలో, సబ్బు జారుడులో పిసికితే ఒక పోచ పొలుసు ఇంకోదాన్ని పట్టుకుని వెనక్కి వదలదు. ముడుచుకోవడమంటే అదే, ఒకసారి జరిగితే మళ్లీ తిరిగిరాదు. తెల్లవారుజామున పట్టిన నీళ్లు వాడండి. పిసకడం, బండకేసి బాదడం, బ్రష్షు పెట్టడం ఏవీ వద్దు. పది నిమిషాలు నాననిచ్చి అరచేత్తో అదిమి అదిమి వదలడమే. మామూలు బట్టల పౌడరులో ఉండే సోడా క్షారం పొలుసులను విప్పుతుంది. కొన్నింటిలో మరకల కోసం కలిపే ఎంజైములు మాంసకృత్తులను తింటాయి, ఉన్ని కూడా అదే సరుకు. ఉన్నికని అమ్మే లిక్విడ్ లేకపోతే కుంకుడుకాయలే మేలు. స్వెట్టరుకు ఏడెనిమిది కాయలు గింజ తీసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి బకెట్టులో కలపాలి. తెల్ల ఉన్నికి మాత్రం కుంకుడు రసం కాస్త రంగు పట్టిస్తుంది.

పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నవారు మంచం మీద నీడలో పరవండి. కిందనుంచి కూడా గాలి తగులుతుంది. తడి స్వెట్టర్‌ను దండెం మీద వేస్తే నీటి బరువుకు చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. ఉతికే ముందే పాత పేపరు మీద పెట్టి చుట్టూ గీత గీసుకుంటే, ఆరేటప్పుడు ఆ గీతకు సర్దుకోవచ్చు.

చిమటల విషయంలో మాత్రం ఈ సంచిని తప్పుపట్టలేను. నాలుగేళ్లలో సంచిలో పెట్టినవాటికి ఒక్క చిల్లి లేదు, బీరువాలో బయట ఉన్న మఫ్లరుకు ఆరు పడ్డాయి. అయితే ఇదీ ఉతికి పెడితేనే. ఎగిరే చిమట ఏమీ తినదు, దాని పిల్ల పురుగు తింటుంది. ఉత్త ఉన్ని కంటే చెమట, కూర మరక అంటిన ఉన్ని అంటే దానికి మరీ ఇష్టం. ఒక్కరాత్రి కొండ మీద వేసుకున్న స్వెట్టర్ అని ఉతక్కుండా పెడితే, దాని మీద గుడ్లుంటే సంచిలోనే పొదుగుతాయి. అనుమానముంటే స్వెట్టర్‌ను కవరులో కట్టి డీప్ ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచి, కవరు విప్పకుండానే బయట మామూలు వేడికి రానివ్వాలి. కలరా ఉండలు వేయడం నేను మానేశాను. వాటి ఆవిరి మూసిన చోటే పనిచేస్తుంది, కానీ ఆ వాసన ఉన్నిని ఒక పట్టాన వదలదు. పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిబిడ్డలకు ఆ రగ్గు కప్పితే రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. ఇంట్లో చంటిపిల్లలుంటే అసలు వద్దు. పచ్చి వేపాకు అయితే ఇంకో గుప్పెడు తేమను లోపల పెట్టినట్టే.

సంచి లోపం ఇంకోటుంది. నా నాలుగింటిలో రెండు ఆగస్టుకల్లా మళ్లీ ఉబ్బాయి. వాల్వు పోయిందనుకున్నాను గానీ, జిప్పు గాడిలో ఒక ఉన్ని నూగు పోగు అడ్డుపడి ఉంది. వెంట్రుక మందమైనా చాలు. జిప్పు వేసే ముందు గాడిని పొడిగుడ్డతో తుడిచి, రెండుసార్లు నొక్కుకుంటూ పోతే ఒకటి బాగుపడింది. రెండోది పడలేదు, పారేశాను. ఇక జడల అల్లిక స్వెట్టర్లను పూర్తిగా బిగించకండి. ఏడు నెలలు నలిగితే అల్లిక అణిగి, వేడినీళ్ల ఆవిరి పట్టినా సగమే లేస్తుంది. వాటికి సగం గాలి తీస్తే చాలు.

కొనమంటారా అంటే, నాకు రెండు గదుల ఇల్లు, మూడు అసలు ఉన్ని రగ్గులు, త్రాసు ఉంది, మేలో మిద్దె ఖాళీగా ఉంటుంది. కాబట్టి ఈ ఏడూ వాడుతున్నాను. ఇనుప ట్రంకుపెట్టె ఉండి, అందులో చోటుంటే, ఉతికి ఎండబెట్టి పాత చీరలో చుట్టి పెట్టినా దాదాపు ఇంతే ఫలితం. నెలకోసారి మూత తీసి చూసే ఓపికుంటే అదే నయం కూడా. మీ రగ్గు అసలు ఉన్నేనా అని ముందు ఒక పోగు లాగి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన కంపు కొట్టి వేళ్లకు పొడిగా రాలితే ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అక్రిలిక్కో పాలిస్టరో. దానికి చిమట పట్టదు, ఈ తూకాల గోలా లేదు, ఆ సంచిలో ఎప్పుడు పెట్టినా పెద్ద తేడా ఉండదు.